సమలంబ చతుర్భుజం ఒకటే, దారులు వేరు
బీఎడ్ అసైన్‌మెంట్లలో యూడీఎల్: అపోహలు – వాస్తవాలు

‘సార్వత్రిక అభ్యసన రూపకల్పన’ మీద బీఎడ్, డీఎల్‌ఎడ్ విద్యార్థులు రాసే అసైన్‌మెంట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. మొదట నిర్వచనం, తర్వాత మూడు రంగుల మెదడు బొమ్మ, చివర ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలపై శ్రద్ధ చూపాలి’ అనే వాక్యం. పాఠం మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. అందుకే ఇక్కడ ఒక్క పాఠాన్నే తీసుకుందాం. పెనుగొండ చుట్టుపక్కల ఏదో ఒక ఉన్నత పాఠశాల, ఎనిమిదో తరగతి, సమలంబ చతుర్భుజ వైశాల్యం అనుకోండి. పంట బోదెకూ పుంతకూ మధ్య పడిన చేలు ఇక్కడ తరచూ ఆ ఆకారంలోనే ఉంటాయి.

అపోహ: ఇది వైకల్యం ఉన్న పిల్లల కోసం. భవిత కేంద్రం టీచరు చూసుకుంటారు.

వాస్తవం: చక్రాల కుర్చీలో తిరిగిన అమెరికన్ ఆర్కిటెక్ట్ రాన్ మేస్, భవనాలను మొదటి నుంచే అందరికీ పనికొచ్చేలా కట్టాలన్నారు. అదే ఆలోచనను 1984లో మసాచుసెట్స్‌లో మొదలైన కాస్ట్ అనే సంస్థ పాఠాలకు తెచ్చింది. ఆన్ మేయర్, డేవిడ్ రోజ్ దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యులు. పిల్లవాడు వచ్చాక సర్దుబాటు చేయడం వేరు, పాఠం రాసేటప్పుడే అడ్డంకి తీసేయడం వేరు. రెండోది యూడీఎల్.

మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఇంగ్లీషు రాని పిల్లలను వేరు చేసి వాళ్లకో పుస్తకం ఇవ్వలేదు, అందరికీ అదే పుస్తకం. ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు పక్క పేజీ చూసుకుంటారు. దాన్ని యూడీఎల్ అని ఎవరూ పిలవకపోయినా పని అదే.

అయితే యూడీఎల్ వచ్చింది కదా అని బ్రెయిలీ, వినికిడి యంత్రం, పరీక్షలో లేఖకుడు అక్కర్లేదనుకోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అదనపు సమయం, లేఖకుడి సదుపాయాల గురించి చెబుతుంది. అవి హక్కులు. పాఠం ఎంత బాగా కూర్చినా వాటిని తీసేసే అధికారం మనకు లేదు.

అపోహ: దారులు ఎక్కువిస్తే ప్రమాణం తగ్గిపోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లక్ష్యాన్నీ దాన్ని చేరే దారినీ కలిపేస్తే ప్రమాణం నిజంగానే తగ్గుతుంది. విడదీసి రాస్తే తగ్గదు.

మన పాఠం లక్ష్యం: ‘సమలంబ చతుర్భుజ వైశాల్యం కనుక్కోవాలి, సగం ఎందుకు తీసుకుంటామో చెప్పాలి.’ ఇందులో ఇంగ్లీషు పేరా చదవడం లేదు. బోర్డు మీది బొమ్మను వేగంగా ఎక్కించుకోవడం కూడా లేదు. కాబట్టి లెక్కను చదివి వినిపిస్తే లక్ష్యం చెక్కుచెదరదు. అదే ఇంగ్లీషు పీరియడ్‌లో లక్ష్యం చదవడమే అయితే, చదివి వినిపించడం లక్ష్యాన్నే మింగేస్తుంది. ఒకే సదుపాయం ఒకచోట సరైనది, మరోచోట తప్పు.

ఇక పాఠంలోకి. చేను సమాంతర భుజాలు 60, 40 మీటర్లు, వాటి మధ్య లంబ దూరం 50 మీటర్లు. ఒక పక్క గట్టు ఆ రెండు భుజాలకూ నిలువుగా ఉంది, రెండో పక్క గట్టు ఏటవాలుగా సుమారు 54 మీటర్లుంది. ఈ 54ను బొమ్మలో కావాలనే రాయండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఒక సెంటీమీటరుకు అయిదు మీటర్ల చొప్పున అట్ట మీద 12, 8, 10 సెంటీమీటర్ల కొలతలతో ఆకారాలు కత్తిరించి జట్టుకు రెండేసి ఇవ్వండి. అంచుల వెంట దారం అంటిస్తే చూపు తక్కువున్న పిల్లలు వేలితో తడిమి పోల్చుకుంటారు. కొందరు ఒక ముక్కను కర్ణం వెంట కత్తిరిస్తారు. వచ్చే రెండు త్రిభుజాలు 1500, 1000 చదరపు మీటర్లు, మొత్తం 2500. ఇంకొందరు రెండు ముక్కలను తలకిందులుగా జోడిస్తారు. 100 మీటర్ల భూమి, 50 మీటర్ల ఎత్తు ఉన్న సమాంతర చతుర్భుజం వస్తుంది. దాని వైశాల్యం 5000, అందులో సగం మనది. సెంటు అంటే సుమారు 40.47 చదరపు మీటర్లు గనుక ఇంట్లో చెప్పుకునే భాషలో ఇది దాదాపు 62 సెంట్లు.

జవాబు మూడు విధాల్లో ఎలాగైనా ఇవ్వొచ్చు: నోటుపుస్తకంలో మెట్లుమెట్లుగా, బొమ్మ మీద గుర్తులు పెట్టి, లేదా ముక్కలు చేతిలో పట్టుకుని నోటితో. కొలబద్ద మాత్రం అందరికీ ఒక్కటే. సమాంతర భుజాలను గుర్తించాడా, లంబ దూరమే తీసుకున్నాడా, సగానికి కారణం చెప్పాడా? 2700 అన్న పిల్లవాడు ఏటవాలు గట్టు 54ను ఎత్తనుకున్నాడు. అది భావనలో లోపం, మళ్లీ చెప్పాలి. 2500 అని నోటితో సరిగ్గా వివరించి, కాగితం మీద రెండే వరుసలు రాసినవాడికి అడ్డంకి రాతలో ఉంది, లెక్కలో కాదు. మామూలు పరీక్షలో ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు పడతాయి. వాళ్లను విడిగా చూడగలగడమే ఈ శ్రమకు ఫలం. రెండోవాడు చివరికి పబ్లిక్ పరీక్ష రాయాల్సిందే కాబట్టి, అతడికి రాత సాధన వేరే రోజు పెట్టాలి.

అపోహ: కొందరు పిల్లలు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు. వాళ్లను అలా విభజించడమే యూడీఎల్.

వాస్తవం: అసైన్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ‘అభ్యసన శైలి’కి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరిపడా ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లోనే పరిశోధనలను సమీక్షించి తేల్చింది. పై పాఠంలో బొమ్మ, అట్టముక్క, మాట మూడూ అందరికీ అందాయి. ‘నువ్వు చూసి నేర్చుకునేవాడివి’ అని ఎవరికీ ముద్ర వేయలేదు. నిజం చెప్పాలంటే యూడీఎల్ మొత్తంగా మార్కులు పెంచుతుందనడానికి కూడా ఆధారాలు ఇంకా పలచగానే ఉన్నాయి. ‘నిరూపితమైన పద్ధతి’ అని రాయకండి.

అపోహ: డిజిటల్ బోర్డు, ట్యాబ్ లేకపోతే కుదరదు.

వాస్తవం: సుద్దముక్క చాలు. బోర్డువైపు తిరిగి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకునే బిడ్డకు ఏమీ అందదు. ముందు రాయండి, తర్వాత ఇటు తిరిగి చెప్పండి. త్రిభుజాలను ఎరుపు, ఆకుపచ్చ సుద్దలతో వేరు చేస్తే ఆ రంగుల తేడా తెలియని పిల్లలుంటారు. ఒకదానిలో అడ్డగీతలు, రెండోదానిలో చుక్కలు వేయండి.

ఇంకో మాట. ఆసక్తి కలిగించాలని ‘మీ ఇంటి చేను కొలతలు తెండి’ అంటారు కొందరు. డెల్టాలో కౌలుకు చేసేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు ఎందరో. చేను లేని ఇంటి పిల్లకు ఆ ప్రశ్న కొత్త అడ్డంకి. బడి ఆటస్థలంలో ముగ్గు పోసి అందరితో టేపు పట్టించండి.

కాబట్టి అసైన్‌మెంట్‌లో మెదడు బొమ్మకు ఇచ్చే పేజీని మీ పాఠానికి ఇవ్వండి. లక్ష్యం ఒక వాక్యంలో, ఆ లక్ష్యంతో సంబంధం లేని అడ్డంకులు రెండో మూడో, ఒక్కోదానికి మీరు చేసిన మార్పు, అందరికీ వర్తించే ఒకే కొలబద్ద రాయండి. ఇంటర్న్‌షిప్‌లో ఆ పాఠం చెప్పాక, ఏ మార్పు పనిచేయలేదో కూడా రాయండి.