సాక్షులు బిల్లులోనే ఉన్నారు

మధ్యాహ్నం డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు మెడికల్ షాపు ముందు అట్టపెట్టె దించుతాడు. బిల్లు మీద సంతకం పెట్టించుకుని బండెక్కి వెళ్లిపోతాడు. షాపులో మిగిలేది పెట్టె, మడతలు పడ్డ బిల్లు కాగితం. ఆ కాగితం మీది 14 రకాల మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీలు, రేట్లు సాయంత్రానికల్లా స్టాకు పట్టికలోకి ఎక్కాలి. కొన్నాళ్ల కిందటి దాకా ఒకరు చదువుతుంటే ఇంకొకరు టైపు కొట్టేవారు. ఇప్పుడు ఫోన్లో ఎక్సెల్ తెరిచి, చిత్రం నుంచి డేటా తీసుకునే బొమ్మ నొక్కి బిల్లును ఫొటో తీస్తే, అరనిమిషంలో అంకెలన్నీ గళ్లలోకి వచ్చి కూర్చుంటాయి.

వచ్చినవి సరైన అంకెలేనా అన్నదే అసలు ప్రశ్న.

బిల్లుల మొత్తాలు జీఎస్‌టీ పోర్టల్లో దొరుకుతాయి కదా, ఈ తంటా ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పోర్టల్ ఇచ్చే జీఎస్‌టీఆర్-2బీలో బిల్లు నంబరు, పన్ను వేసిన విలువ, పన్ను మాత్రమే ఉంటాయి. ఏ మందు ఎన్ని వచ్చాయో, ఏ బ్యాచ్‌దో అందులో ఉండదు. వరుసవారీ వివరం కావాలంటే కాగితమే గతి.

సగం తప్పులు ఫొటో దగ్గరే పుడతాయి. కౌంటర్ మీద బిల్లు పరిచి, నెత్తి మీద ట్యూబ్‌లైటు ఉండగా తీస్తే ఫోను నీడ సరిగ్గా అంకెల మీదే పడుతుంది. పక్కనుంచి వెలుతురు వచ్చేచోట, మడతలు చేత్తో సాపు చేసి, ఫోనును నిటారుగా పైనుంచి పట్టుకుని తీయాలి. రెండు పేజీల బిల్లయితే రెండు ఫొటోలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గి చేరుతుంది కాబట్టి, ఇంకొకరికి పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపడం నయం.

ఇక పట్టిక. మొదట లెక్కపెట్టాల్సింది వరుసలను. పాంటాప్రజోల్, డొంపెరిడోన్ కలిసిన మందులాంటి పొడుగాటి పేరు బిల్లులో రెండో లైనులోకి దిగితే, యంత్రం ఆ రెండో లైనును ఇంకో మందు అనుకుంటుంది. 14 కాస్తా 15 అవుతాయి. మడత సరిగ్గా ఒక వరుస మీద పడితే ఆ వరుసే మాయమై 13 అవుతాయి. రెండూ ఒకే బిల్లులో జరిగితే లెక్క మళ్లీ 14కే వస్తుంది, అందుకే ఈ ఒక్క పరీక్షతో ఆగిపోకూడదు. అయిదు కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సరఫరాదారు వ్యాపారులకిచ్చే బిల్లయితే దాని మీద ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ కోడ్ ఉంటుంది. జీఎస్‌టీ నెట్‌వర్క్ వారి వెరిఫయర్ యాప్‌తో స్కాన్ చేస్తే బిల్లు మొత్తంతో పాటు అందులో ఎన్ని వరుసలున్నాయో కూడా కనిపిస్తుంది. చాలామంది దుకాణదారులు ఆ నలుపు తెలుపు గళ్లను బిల్లుకు అలంకారమనే అనుకుంటారు.

తర్వాతి సాక్షి గుణకారం. బిల్లులోని ప్రతి వరుసా తన లెక్కను తానే చెబుతుంది. ఒక వరుస చూద్దాం: పారాసిటమాల్ 650, సంఖ్య 20, ఫ్రీ 2, రేటు 38.50, డిస్కౌంటు 4 శాతం. ఇరవైని 38.50తో హెచ్చిస్తే 770. అందులో 4 శాతం, అంటే 30.80 పోతే 739.20. బిల్లులో పన్నుకు ముందు విలువ గడిలో ఉన్నది ఇదే. పట్టికలో D సంఖ్య, E ఫ్రీ, F రేటు, G డిస్కౌంటు, H విలువ అనుకుంటే, పక్క గడిలో ఈ ఫార్ములా రాసి కిందిదాకా లాగాలి:

```
=ROUND(D2*F2*(1-G2/100)-H2,2)
```

సరిగ్గా చదివిన వరుసకు సున్నా వస్తుంది. ఒక పైసా అటూ ఇటూ వస్తే అది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్దుబాటు. కానీ ఈ వరుసకు −96 వచ్చిందనుకోండి. 96ను 20తో భాగిస్తే 4.80. నాలుగు శాతం తగ్గక ముందు అది అయిదు రూపాయలు. అంటే రేటు అయిదు రూపాయలు తక్కువగా పడింది: 38.50 కాస్తా 33.50 అయింది. రిబ్బను మాసిపోయిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటులో ఎనిమిదికి ఎడమ పక్క చెరిగిపోతే మూడులాగే ఉంటుంది, తేడా ఎప్పుడూ అయిదు, యాభై, అయిదొందలు ఇలాగే వస్తుంది. చేత్తో టైపు కొట్టేవాళ్ల తప్పు వేరు. వాళ్లు 38ని 83 చేస్తారు, ఆ తేడా తొమ్మిదితో భాగింపబడుతుంది. పాత గుమాస్తాలకు ఈ కిటుకు బాగా తెలుసు.

ఫ్రీ సంగతి ఇంకాస్త చిక్కు. కొన్ని బిల్లుల్లో సంఖ్యనూ ఫ్రీనీ కలిపి ఒకే గడిలో 20+2 అని వేస్తారు. కూడిక గుర్తు మసకగా ఉంటే అది 202గా పడుతుంది. దాన్ని రెండు గళ్లుగా విడదీయాలి. డబ్బు లెక్కకు 20, స్టాకు లెక్కకు 22.

అన్ని వరుసలకూ సున్నా వచ్చాక H నిలువును కూడి బిల్లు అడుగున ఉన్న మొత్తంతో పోల్చాలి. ఇక్కడొక కనబడని గొయ్యి ఉంది. సున్నా బదులు ఇంగ్లిష్ O అక్షరం పడిన గడిని ఎక్సెల్ సంఖ్యగా చూడదు. SUM దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. కంటితో పట్టుకునే దారి ఒకటుంది: మనం మార్చకపోతే ఎక్సెల్‌లో సంఖ్యలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒదుగుతాయి. నిలువులో ఒక్క అంకె ఎడమకు జరిగి కనిపిస్తే దాని సంగతి చూడాలి. మొదటి పేజీ చివరి మొత్తం రెండో పేజీ పైన మళ్లీ వస్తుంది, అదీ ఒక వరుసగా దూరకుండా తీసేయాలి. పన్ను శాతాన్ని మాత్రం అలవాటు కొద్దీ నింపేయకూడదు. చాలా మందుల మీద 12 శాతం ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. పాత బిల్లు మీద 12 ఉంటే అది తప్పు కాదు.

ఇంతవరకూ అంకెలకు సాక్షులున్నాయి. బ్యాచ్ నంబరుకు, ఎక్స్‌పైరీకి లేవు. అవి ఏ గుణకారంలోనూ పాల్గొనవు కనుక, B బదులు 8 పడినా అన్ని లెక్కలూ సున్నాయే చూపిస్తాయి. పైగా సరిగ్గా చదివినవాటిని కూడా ఎక్సెల్ పాడుచేయగలదు. 2E105 అనే బ్యాచ్‌ను అది పెద్ద సంఖ్య అనుకుని 2E+105గా మార్చేస్తుంది. 004512లో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 08/27 అనే ఎక్స్‌పైరీ ఏదో ఒక తేదీగా మారి కూర్చుంటుంది. అందుకని డేటా పడకముందే ఆ రెండు నిలువులనూ Text ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. పడ్డాక మార్చితే పోయిన సున్నాలు తిరిగి రావు.

ఎక్స్‌పైరీ వరుసక్రమంలో చూడాలంటే పక్కన ఇంకో గడి చాలు. స్ట్రిప్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా మందు పనికొస్తుందని అర్థం. C గడిలోని 08/27ను ఈ ఫార్ములా 2027 ఆగస్టు 31 చేస్తుంది:

```
=DATE(2000+RIGHT(C2,2),LEFT(C2,2)+1,0)
```

బ్యాచ్‌ను సరిచూడటానికి బిల్లు ఫొటోను పెద్దది చేసి కళ్లు చికిలించడం కంటే మంచి దారి ఉంది. పెట్టె పక్కనే ఉంది కదా. సరుకు అరల్లో సర్దుతూ స్ట్రిప్ మీది బ్యాచ్‌నూ ఎక్స్‌పైరీనీ ఒకరు పైకి చదువుతుంటే, ఇంకొకరు పట్టికలో చూసుకుంటారు. బిల్లే తప్పుగా ఉన్నా అప్పుడు బయటపడుతుంది. కాలం తీరిన సరుకు వాపసు పంపే రోజున డిస్ట్రిబ్యూటర్ అడిగేది ఆ నంబరునే.

పట్టిక సిద్ధమయ్యాక ఫొటోకు బిల్లు నంబరే పేరుగా పెట్టి దాచుకోండి. కాగితాన్నీ పారేయకండి. జీఎస్‌టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు అది మీ దగ్గర ఉండాలి.