శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి రెండు దారుల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టండి. కల్వకుర్తి, మన్ననూరు మీదుగా సుమారు 215 కిలోమీటర్లు. చివర్లో నల్లమల అడవి, ఘాట్ మలుపులు. కర్నూలు, దోర్నాల మీదుగా దాదాపు 400. కర్నూలు దాకా వెడల్పాటి హైవేనే గానీ, అంత చుట్టు తిరగడం దండగ.

అసలు చూడాల్సింది బయలుదేరే వేళ. మధ్యాహ్నం తీసిన స్క్రీన్‌షాట్‌లో సాయంత్రపు నగర ట్రాఫిక్ ఉండదు. అందుకే బయలుదేరే సమయం యాప్‌లో పెట్టి, రెండు దారులనూ ఒకేసారి తీయాలి. తర్వాత మన్ననూరునే గమ్యంగా పెట్టి ఇంకొకటి తీయండి. అక్కడి అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం ఆరున్నరకు బయలుదేరి మూడు గంటలు పడితే గేటు దాటలేరు. దోర్నాల వైపు అడవి దారికీ రాత్రి ఆంక్షలున్నాయి.