పదేళ్ల పాత ఇల్లు, పది మార్కుల ప్రశ్న

డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్లకూ, ఎంబీఏ చదివినవాళ్లకూ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. ఒక ఊళ్లో ఈమధ్య అమ్ముడుపోయిన 60 ఇళ్ల వివరాలు సేకరించారు. ధర లక్షల రూపాయల్లో, విస్తీర్ణం చదరపు అడుగుల్లో, ఇంటి వయసు ఏళ్లలో. ఈ మూడింటితో కంప్యూటర్‌లో రిగ్రెషన్ వేస్తే వచ్చిన ఫలితం ఇదీ, వ్యాఖ్యానించండి, 10 మార్కులు. కింది అంకెలు ప్రశ్న కోసం కల్పించినవే తప్ప ఏ ఊరి మార్కెట్‌వీ కావు.

```
             Estimate  Std. Error  t value  Pr(>|t|)
(Intercept)   12.500     8.800      1.42     0.161
area           0.048     0.006      8.00    <0.001
age           -0.620     0.210     -2.95     0.005

Residual standard error: 11.4 on 57 degrees of freedom
R-squared: 0.64
F-statistic: 50.7, p-value < 0.001
```

చాలామంది ఈ పట్టికలో ఉన్నదాన్నే మళ్లీ వాక్యాల్లోకి దించి ఊరుకుంటారు. ‘ఏరియా గుణకం 0.048, ఇది పాజిటివ్. ఏజ్ గుణకం మైనస్ 0.62, ఇది నెగటివ్.’ ఇందులో తప్పు లేదు, కానీ వ్యాఖ్యానమూ లేదు. మంచి జవాబు ముందు సమీకరణాన్ని రాస్తుంది: ధర = 12.5 + 0.048 × విస్తీర్ణం − 0.62 × వయసు. ఆ వెంటనే అంకెలను రూపాయల్లోకి మారుస్తుంది. 0.048 లక్షలంటే 4,800 రూపాయలు. ఒకే వయసున్న రెండు ఇళ్లలో ఒకటి ఒక చదరపు అడుగు పెద్దదైతే దాని ధర సగటున 4,800 ఎక్కువ. వంద అడుగులు పెద్దదైతే 4 లక్షల 80 వేలు. అలాగే ఒకే విస్తీర్ణం ఉన్న రెండు ఇళ్లలో ఏడాది పాతదాని ధర సగటున 62 వేలు తక్కువ.

ఈ వాక్యాల్లో అసలు బరువంతా ‘ఒకే వయసున్న’, ‘ఒకే విస్తీర్ణం ఉన్న’ అనే మాటలదే. దిద్దేవాళ్లు వెతికేదీ వాటికోసమే. అవి ఎందుకంత ముఖ్యమో ఈ 60 ఇళ్లలోనే చూడవచ్చు. ఈ లెక్కలో పాత ఇళ్లు చిన్నవి, కొత్తగా కట్టినవి కాస్త పెద్దవి అనుకుందాం. సగటున ఏడాది పాతదైన కొద్దీ ఇల్లు 12 చదరపు అడుగులు చిన్నదవుతోంది. ఇప్పుడు విస్తీర్ణాన్ని పక్కన పెట్టి వయసు ఒక్కదానితోనే రిగ్రెషన్ వేస్తే ఏం జరుగుతుంది? వయసు పెరిగినందుకు తగ్గే 62 వేలకు, ఆ 12 అడుగులు లేనందువల్ల తగ్గే సుమారు 58 వేలు కూడా తోడవుతాయి. గుణకం మైనస్ 1.2 దాకా వెళ్తుంది. ఇల్లు పాతబడితే ఏటా లక్షా ఇరవై వేలు పోతుందని చెప్పేస్తాం. నిజానికి అందులో దాదాపు సగం ఇల్లు చిన్నది కావడం వల్ల పోయినదే. రెండు అంశాలనూ కలిపి రిగ్రెషన్ వేసేది ఈ రెంటినీ విడదీయడానికే కనుక, జవాబులో ఆ షరతు రాయకపోతే చేసిన పనికి అర్థమే మిగలదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. 0.62 అంకె 0.048 కన్నా పెద్దది కాబట్టి ధర మీద వయసు ప్రభావమే ఎక్కువ అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒకటి ఏడాదికి లెక్క, ఇంకొకటి చదరపు అడుగుకు లెక్క. విస్తీర్ణాన్ని చదరపు గజాల్లో రాసి ఉంటే గుణకం తొమ్మిది రెట్లయి 0.432 అయ్యేది, ఇళ్లు మాత్రం అవే. యూనిట్లు వేరైనప్పుడు గుణకాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంటర్సెప్ట్ 12.5 గురించి ఒక్క వాక్యం చాలు. సున్నా అడుగుల విస్తీర్ణం, సున్నా వయసు ఉన్న ఇంటి ధర 12.5 లక్షలని అర్థం చెప్పవచ్చు గానీ, అలాంటి ఇల్లు ఉండదు. దాని పి-విలువ 0.161 ఉన్నంత మాత్రాన మోడల్ పాడైపోయిందని కంగారు పడనక్కర్లేదు. గీతను సరైన ఎత్తులో నిలబెట్టడమే దాని పని.

వయసు పి-విలువ 0.005 దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. ‘వయసు ప్రభావం లేదనే పరికల్పన నిజమయ్యే అవకాశం అర శాతం’ అని రాస్తే తప్పు. విస్తీర్ణం లెక్కలో ఉండగా ధరకూ వయసుకూ నిజంగా ఏ సంబంధమూ లేకపోతే, ఇంత లేదా ఇంతకన్నా పెద్ద గుణకం కాకతాళీయంగా కనిపించే అవకాశం వెయ్యిలో 5 అని రాయాలి. అంత అరుదైనది కనుక 5 శాతం స్థాయిలో సంబంధం లేదనే పరికల్పనను తిరస్కరిస్తాం. అయితే సంబంధం ఉందని తేలడం వేరు, అది ఎంతో కచ్చితంగా తెలియడం వేరు. గుణకానికి అటూ ఇటూ ప్రామాణిక దోషానికి రెండింతలు, అంటే 0.42 వేసి చూస్తే, ఏడాదికి తగ్గేది 20 వేల నుంచి లక్షా 4 వేల దాకా ఎంతైనా కావచ్చు. అదే విస్తీర్ణం విషయంలో హద్దులు 3,600, 6,000 రూపాయలు. రెండూ అంకెల్లో గట్టిగానే కనిపించినా, విస్తీర్ణం గురించి ఈ పట్టిక చెప్పేది ఎక్కువ నమ్మదగ్గది.

ఆర్-స్క్వేర్ 0.64 అంటే ఈ ఇళ్ల ధరల్లోని హెచ్చుతగ్గుల్లో 64 శాతాన్ని ఈ రెండు అంశాలు కలిసి వివరిస్తున్నాయి. 64 శాతం ఇళ్ల ధర సరిగ్గా చెప్పిందని కాదు. ఎఫ్ పరీక్ష రెండు గుణకాలూ కలిపి సున్నా కావని తేలుస్తుంది, అంతే.

కొనేవాడికి పనికొచ్చే అంకె మాత్రం చాలామంది వదిలేసే 11.4. పదేళ్ల పాత 1,200 చదరపు అడుగుల ఇల్లు తీసుకుందాం. 12.5కు 57.6 కలిపి 6.2 తీసేస్తే 63.9 లక్షలు వస్తుంది. కానీ ఇళ్ల అసలు ధరలు ఈ గీతకు అటూ ఇటూ మామూలుగా 11.4 లక్షల మేర చెదిరి ఉన్నాయి. దానికి రెండింతలు వేసుకుంటే ఆ ఇల్లు 41 లక్షలకూ పోవచ్చు, 87 లక్షలకూ పోవచ్చు. ఇంత వెడల్పాటి అంచనాతో ఎవరూ బయానా ఇవ్వరు. ఇళ్ల ధరలను సగటున అర్థం చేసుకోవడానికి ఈ మోడల్ పనికొస్తుంది, ఒక ఇంటికి రేటు కట్టడానికి పనికిరాదు.

ఈ చెదురు ఎక్కడిది? పట్టికలో లేనివాటిది: ఏ వీధి, ఎన్నో అంతస్తు, నీళ్ల సౌకర్యం, పార్కింగ్. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే ఊరి ఇళ్ల అమ్మకాల వివరాలను డీన్ డి కాక్ అనే అధ్యాపకుడు 2011లో విద్యార్థుల కోసం ప్రచురించారు. 2,930 అమ్మకాలున్న ఆ జాబితాలో ఒక్కో ఇంటికి దాదాపు 80 అంశాలు ఉన్నాయి. మన ప్రశ్నలో ఉన్నవి రెండే. పైగా వయసుతో ధర ఎప్పుడూ సరళరేఖలోనే తగ్గదు. హైదరాబాద్‌లో పాత బస్తీ కాని పాత కాలనీల్లో కూడా నలభై ఏళ్ల సొంత ఇంటిని కొనేవాళ్లు చాలాసార్లు గోడలకు కాదు, కింద ఉన్న గజాలకు డబ్బిస్తారు. దోషాలను వయసుకు ఎదురుగా గీసి చూస్తే, చుక్కలు వంపు తిరిగి కనిపిస్తే అదే సూచన. అంచనా ధర పెరిగే కొద్దీ చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటే ధరకు బదులు దాని లాగరిథమ్‌ను వాడి చూడాలి.

చివరిగా విద్యార్థులకు ఒక మాట. ప్రశ్నలో ‘విస్తీర్ణం’ అని మాత్రమే ఉంటే అది కార్పెట్ ఏరియానా, సూపర్ బిల్టప్ ఏరియానా అని ఒక వాక్యం రాయండి. 2016 రియల్ ఎస్టేట్ చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది. సూపర్ బిల్టప్‌లో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలుస్తుంది. 60 ఇళ్లలో కొన్నింటికి ఒక కొలత, కొన్నింటికి ఇంకో కొలత వాడి ఉంటే 0.048 అనే అంకెను నమ్మడానికి వీల్లేదు.