చిన్న ఇంటి అప్పు పన్నును ఎంత తగ్గిస్తుంది?

"అప్పు చేసైనా ఇల్లు కొనుక్కో, పన్నులో కలిసొస్తుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు. పాత పన్ను విధానం ఒక్కటే ఉన్న రోజుల్లో ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. 2025-26 శ్లాబులు వచ్చాక మాత్రం కాగితం మీద లెక్క వేసి చూడకుండా దాన్ని నమ్మకూడదు.

ముందు జీతం సంగతి. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. అంటే వేరే ఆదాయం లేనివారు 12.75 లక్షల జీతం వరకు పాత విధానం వైపు చూడనే అక్కర్లేదు. ఇంటి అప్పు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఎంచుకోవాల్సిన అవసరం ఆ గీత దాటాకే వస్తుంది.

ఖమ్మంలో అమ్మానాన్నల కోసం ఇల్లు కొని, తాను హైదరాబాద్‌లో అద్దెకుంటూ ఉద్యోగం చేస్తున్న ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. జీతం 15 లక్షలు, అందులో బేసిక్ 6 లక్షలు. అప్పు 20 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు ఈఎంఐ సుమారు 17,350. మొదటి ఏడాది కట్టే దాంట్లో వడ్డీయే 1.68 లక్షలు, అసలు 40,000 మాత్రమే.

కొత్త విధానంలో సొంతానికి వాడుకునే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. కాబట్టి లెక్క చిన్నది. 14.25 లక్షల మీద పన్ను, 4 శాతం సెస్సుతో కలిపి 97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000. తర్వాత 80సీ కింద 1.5 లక్షలు. ఇక్కడే చాలామంది పొరపడతారు. అసలు కింద కట్టిన 40,000కు విడిగా మినహాయింపు ఉంటుందనుకుంటారు. లేదు, అదీ ఈ లక్షన్నరలోనే ఇమడాలి. జీతంలో కోసే ఈపీఎఫ్ 72,000 ముందే అందులో ఉంది. మిగతా 38,000 పీపీఎఫ్‌తోనో జీవిత బీమాతోనో నిండిందనుకుందాం. వడ్డీ 1.68 లక్షలు, ఆరోగ్య బీమా ప్రీమియం 12,000 కూడా తీసేస్తే 11.20 లక్షలు మిగులుతాయి. పన్ను 1,54,440. ఇంత మినహాయించినా కొత్త విధానం కంటే దాదాపు 57,000 ఎక్కువ!

కారణం రేట్లలోనే ఉంది. పాత విధానంలో 5 లక్షలు దాటగానే 20 శాతం, 10 లక్షలు దాటగానే 30 శాతం పడుతుంది. కొత్తదాంట్లో 12 నుంచి 16 లక్షల మధ్య ఆదాయానికి కూడా 15 శాతమే. 15 లక్షల జీతానికి రెండూ సమానం కావాలంటే పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ కాక ఇంకా 5.44 లక్షల మినహాయింపులు చూపాలి. ఇతని దగ్గర ఉన్నవి 3.30 లక్షలు.

ఇక అద్దె. నెలకు 20,000 కడుతున్నాడు. ఏడాది అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 1.80 లక్షలు. ఇల్లు ఖమ్మంలో, ఉద్యోగం హైదరాబాద్‌లో కాబట్టి వడ్డీకీ అద్దెకూ రెండింటికీ మినహాయింపు అడగవచ్చు. అప్పుడు పన్ను 1,04,520. ఇప్పటికీ కొత్త విధానమే 7,020 తక్కువ. ఎన్‌పీఎస్‌లో విడిగా 50,000 వేస్తే పాత విధానం పన్ను 94,120కి దిగి, 3,380 రూపాయల తేడాతో గెలుస్తుంది. ఆ 3,380 కోసం, పదవీ విరమణ దాకా పెద్దగా చేతికి రాని ఖాతాలో యాభై వేలు పెట్టమని నేనైతే ఏ కుర్రాడికీ చెప్పను. పదవీ విరమణ కోసం దాచుకోవాలనే ఉద్దేశం ముందునుంచీ ఉంటే అది వేరే సంగతి.

పైగా ఈ గెలుపు నిలవదు. అప్పు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఐదో ఏట 1.52 లక్షలు, పదో ఏట 1.23 లక్షలే. అసలు పెరుగుతుంది కానీ 80సీ ఎప్పుడో నిండిపోయింది, ఆ పెరుగుదల వల్ల ఒరిగేదేమీ ఉండదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే మొదట్లో అదీ లేదు. ఇల్లు పూర్తయ్యేదాకా వడ్డీ మినహాయింపు మొదలుకాదు.

అందుకే ఏటా కొత్తగా లెక్క వేసుకోవాలి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఏ ఏడాదికా ఏడాది విధానం మార్చుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే కంపెనీ కొత్త విధానం ప్రకారమే పన్ను కోస్తుంది. ఫారం 16లో అలా ఉన్నా, రిటర్ను వేసేటప్పుడు పాతదాన్ని ఎంచుకుని ఎక్కువ కోసింది వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ రిటర్నును గడువులోపే వేయాలి. గడువు దాటి వేస్తే పాత విధానం దొరకదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, ఇంటి యజమాని అద్దె రసీదులు, ఏడాది అద్దె లక్ష దాటితే ఆయన పాన్ నంబరు, ఇవన్నీ ఆలోపే చేతిలో ఉండాలి.