అద్దె ఇల్లా? సొంత ఇల్లా? మొత్తం లెక్క చూద్దాం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు పట్నాల్లో చాలామంది ఇల్లు కట్టడం లేదు. కట్టిన ఇల్లు కొంటున్నారు. కొంత డబ్బు చేతి నుంచి పెడతారు. మిగతాది బ్యాంకు అప్పుగా ఇస్తుంది. ఆ అప్పును నెల నెలా వాయిదాల్లో తీరుస్తారు.

కొనేవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే. "నెలకు ఎంత కట్టాలి?" మొత్తం ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి అని అడిగేవాళ్లు తక్కువ.

నెల్లూరులో రమణమ్మ అని ఒకామె ఉంది. ఇడ్లీ బండి నడుపుతుంది. భర్త శీనయ్య తాపీ మేస్త్రీ. రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. అద్దె నెలకు 5,000 రూపాయలు. ఊరి చివర ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. స్థలం 15 అంకణాలు. నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు కదా. ఒక అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఇంటి ధర 14 లక్షలు.

ఇల్లు చూపించిన బ్రోకరు ఇలా అన్నాడు: "అద్దె ఊరికే పోతా ఉండాది గదమ్మా! ఇంకో మూడు వేలు వేసుకుంటే ఇల్లు మీదైపోతుంది. 10 లక్షలు బ్యాంకు ఇస్తుంది. నెలకు 8,046 కడితే చాలు."

శీనయ్యకు ఆశ పుట్టింది. రమణమ్మ మాత్రం, "ఎన్నేళ్లు కట్టాలబ్బాయ్?" అని అడిగింది. 30 ఏళ్లు అన్నాడు. ఆమె ఇంటికి వచ్చి కాగితం తీసింది. 30 ఏళ్లకు 360 నెలలు. 8,046ను 360తో గుణించింది. 28,96,560 రూపాయలు వచ్చింది. తెచ్చే అప్పు 10 లక్షలు. తీర్చేది దాదాపు 29 లక్షలు!

మర్నాడు ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. వడ్డీ ఏడాదికి నూటికి 9 రూపాయలని అక్కడ చెప్పారు. మన లెక్కలో అది ముప్పావలా వడ్డీ. అంటే నూటికి నెలకు 75 పైసలు. ఈ వడ్డీ ఎక్కువేమీ కాదు. వీధిలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ అప్పు పెద్దది, ఏళ్లు ఎక్కువ. అందుకే అంత మొత్తం అవుతుంది.

10 లక్షలకు ముప్పావలా వడ్డీ అంటే మొదటి నెల వడ్డీ 7,500. కట్టే వాయిదా 8,046. వడ్డీ పోగా అసలుకు చేరేది 546 రూపాయలే. అద్దె 5,000 ఊరికే పోతుందన్నాడు బ్రోకరు. మరి ఈ 7,500 ఎక్కడికి పోయినట్టు? అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది. కానీ మొదటి ఏళ్లలో చాలా నెమ్మదిగా తగ్గుతుంది.

అదే అప్పును 20 ఏళ్లలో తీరిస్తే వాయిదా 8,997. నెలకు 951 రూపాయలు ఎక్కువ. కానీ మొత్తం 21,59,280 అవుతుంది. 30 ఏళ్ల లెక్క కంటే 7,37,280 రూపాయలు తక్కువ. చిన్న వాయిదా చూసి చౌక అనుకుంటాం. నిజానికి ఖరీదైనది అదే.

ఇక 20 ఏళ్లకు అద్దెనూ సొంత ఇంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు సొంత ఇల్లు. చేతి నుంచి పెట్టేది 4 లక్షలు. రిజిస్ట్రేషనుకు స్టాంపు, ఫీజులు అన్నీ కలిపి నూటికి ఏడున్నర. 14 లక్షలకు అది 1,05,000. దస్తావేజు రాయడానికి, బ్యాంకు ఫీజులకు ఇంకో 10,000 వేసుకుందాం. బ్యాంకు వాయిదాలు మొత్తం సుమారు 21,60,000. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు బాగుచేయడం, కారే పైకప్పు, ఇవన్నీ ఇక మన మీదే. ఏడాదికి సగటున 12,000 అనుకుంటే 20 ఏళ్లకు 2,40,000. అన్నీ కలిపితే 29,15,000.

ఇప్పుడు అద్దె. రెండేళ్లకోసారి 500 పెరుగుతుంది అనుకుందాం. చివరి రెండేళ్లలో అద్దె 9,500 అవుతుంది. 20 ఏళ్ల అద్దె మొత్తం 17,40,000.

అద్దె ఇంటి ఖర్చు 11,75,000 తక్కువ. "అయితే అద్దే మేలు గదా" అన్నాడు శీనయ్య. అంత తొందర పనికిరాదు. 20 ఏళ్ల తర్వాత కొన్నవాళ్లకు ఇల్లు మిగులుతుంది. అద్దెకు ఉన్నవాళ్లకు ఏం మిగులుతుంది? వాళ్లు దాచుకున్నదే మిగులుతుంది.

ఇంటికి చేతి నుంచి పెట్టాల్సిన 5,15,000ను డిపాజిట్ చేశారనుకోండి. ఏడాదికి నూటికి 7 వడ్డీ వస్తే పదేళ్లకు దాదాపు రెట్టింపు అవుతుంది. ఇరవై ఏళ్లకు దాదాపు నాలుగు రెట్లు, అంటే 20 లక్షలకు దగ్గరగా. సొంత ఇంటికైతే వాయిదా, ఖర్చులు కలిపి నెలకు 10,000 పోతుంది. అద్దె 5,000. మిగిలే 5,000ను నెల నెలా దాచాలి. అద్దె పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. అయినా వడ్డీతో మరో 16 లక్షలు అవుతుంది. మొత్తం 36 లక్షలు.

అంటే 14 లక్షల ఇల్లు 20 ఏళ్లకు 36 లక్షలు దాటితే కొన్నవాళ్లకు లాభం. దాటకపోతే అద్దెకు ఉండి దాచినవాళ్లకు లాభం. స్థలం ధర పెరుగుతుంది, గోడలు పాతబడతాయి. ఊరు ఎటు పెరుగుతుందో చూసి అంచనా వేయాలి. నెలకు 5,000 చేతిలో ఉంటే ఖర్చైపోయే ఇల్లయితే ఈ అద్దె లెక్క పనిచేయదు. అలాంటివాళ్లకు బ్యాంకు వాయిదాయే బలవంతపు పొదుపు. ఇల్లు ఖాళీ చేయమనే ఓనరు ఉండడు. ఆ నిశ్చింతకు కూడా విలువ ఉంది.

ఎన్నేళ్లు ఉంటామన్నది కూడా చూడాలి. 20 ఏళ్ల అప్పులో ఐదేళ్లకు 5,39,820 కడతాం. అసలు తగ్గేది సుమారు 1,13,000 మాత్రమే. ఐదేళ్లకే పనికోసం వేరే ఊరు పోయి ఇల్లు అమ్మేస్తే రిజిస్ట్రేషను డబ్బు కూడా వెనక్కి రాదు.

ఇంకొక మాట. చాలా ఇంటి అప్పుల్లో వడ్డీ మారుతుంటుంది. 2022, 2023లో వడ్డీలు పెరిగాయి. చాలామందికి వాయిదా అదే ఉండి, కట్టాల్సిన ఏళ్లు పెరిగాయి. వాయిదా మారలేదు కాబట్టి కొందరికి ఆ సంగతే తెలియలేదు. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకుంటారా, ఏళ్లు పెంచుకుంటారా అని అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో బ్యాంకులకు చెప్పింది. అందుకే ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో ఏడాదికోసారి బ్యాంకులో అడిగి రాసుకోవాలి.

ఇంత లెక్కా అయ్యాక రమణమ్మ ఇంకొకటి కలిపింది. అది బ్రోకరూ చెప్పలేదు, బ్యాంకూ చెప్పలేదు. ఇడ్లీ బండి పెట్టే వీధి ఆ ఇంటికి చాలా దూరం. పొద్దున్నే సామాను తేవడానికి ఆటోకు రోజుకు 60 రూపాయలు. నెలకు 25 రోజులైతే 1,500. 20 ఏళ్లకు 3,60,000.

ఆ ఇల్లు వద్దనుకున్నారు. బండి దగ్గరలో 12 అంకణాల ఇల్లయినా దొరుకుతుందేమో అని చూస్తున్నారు. ఈలోగా నెలకు 5,000 పోస్టాఫీసులో కడుతున్నారు. ఆ పాసుపుస్తకం రమణమ్మ పేరు మీదే ఉంది.