మీకు తెలుసా? ఆఖరి పది సెంటీమీటర్లే అసలు తంటా

యానిమేషన్‌లో రోబో చెయ్యి నెమ్మదిగా సాగుతూ వెళ్లి, పూర్తిగా చాపేలోపు మోచెయ్యి టక్కున బిగుసుకోవడం గమనించారా? అది కీఫ్రేముల తప్పు కాదు, త్రిభుజం లెక్క.

బ్లెండర్‌లో ఇలాంటి చేతికి మూడు బోన్లు చాలు: పీఠానికొకటి, పై చేతికొకటి, ముంజేతికొకటి. చెయ్యి కొసన, వీటిలో దేనికీ పేరెంట్ చెయ్యకుండా ఇంకో బోన్ పెడతారు. అదే టార్గెట్. ముంజేతి బోన్‌కి Inverse Kinematics కన్‌స్ట్రెయింట్ తగిలించి ఈ టార్గెట్‌ను ఇస్తే, ఇక దాన్ని జరపడమే మన పని. భుజం, మోచెయ్యి ఎంత తిరగాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. Chain Length మాత్రం 2 ఉండాలి. 0గా వదిలేస్తే లెక్క పీఠం దాకా పాకుతుంది. టార్గెట్‌ను లాగగానే పీఠం కూడా ఒరిగిందంటే కారణం అదే. బోన్లు గీసేటప్పుడే మోచెయ్యి దగ్గర కాస్త వంపు ఉంచాలి, లేకపోతే ఎటు వంచాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

ఇప్పుడు లెక్కకి వద్దాం. పై చెయ్యి 2 మీటర్లు, ముంజెయ్యి 1.5 మీటర్లు అనుకోండి. భుజానికీ టార్గెట్‌కీ మధ్య 2.5 మీటర్లుంటే మోచేతి దగ్గర సరిగ్గా 90 డిగ్రీలు. ఇంకో పది సెంటీమీటర్లు లాగితే కోణం 95కి చేరుతుంది, అంటే అయిదు డిగ్రీలే తిరిగింది. అదే 3.4 మీటర్ల దగ్గర కోణం 152, 3.5 దగ్గర 180. లాగింది అదే పది సెంటీమీటర్లు, తిరిగింది 28 డిగ్రీలు! అందులోనూ దాదాపు 9 డిగ్రీలు ఆఖరి సెంటీమీటరులోనే. టార్గెట్ ఒకే వేగంతో నడుస్తున్నా మోచెయ్యి ఎగిరిపడినట్టు కనిపించేది ఇందుకే. 3.5 దాటితే చెయ్యి కర్రలా నిలిచిపోతుంది, టార్గెట్ ఒక్కటే ముందుకు పోతుంది.

దీనికి టార్గెట్ బోన్‌కి Limit Distance కన్‌స్ట్రెయింట్ పెట్టి, దూరం 3.3 మీటర్లు, Clamp Region దగ్గర Inside ఇవ్వాలి. మోచెయ్యి 141 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఇక్కడ చాలామంది దూరాన్ని పై చేతి బోన్ నుంచి కొలవమంటారు. ఆ బోన్ టార్గెట్‌ను బట్టి కదులుతుంది, టార్గెట్ ఆ బోన్‌ను బట్టి ఆగాలి. రెండూ ఒకదానికోసం ఒకటి కాచుక్కూర్చుంటాయి. బ్లెండర్ దీన్ని డిపెండెన్సీ సైకిల్ అంటుంది. అందుకే భుజం దగ్గర, పీఠానికి పేరెంట్ చేసి, చెయిన్‌లో లేని చిన్న బోన్ ఒకటి వేసి, అక్కణ్నుంచి కొలవాలి.

ఈ హద్దు కాపలా మాత్రమే. అందుకోవాల్సిన వస్తువు అంతకన్నా దూరంలో ఉంటే పీఠాన్నే ముందుకు జరపండి. ఫ్యాక్టరీల్లోని నిజం రోబోలకూ చెయ్యి పూర్తిగా చాపినప్పుడు ఇదే ఇబ్బంది. అందుకే అక్కడ కూడా పనిని చేతికి సులువుగా అందేంత లోపలే అమరుస్తారు.