పదకొండో ఇల్లు: నలుగురితో కలిస్తే లాభమా?

‘పదకొండులో ఏ గ్రహం ఉన్నా మంచిదే’ అనే మాట మనలో చాలామంది వినే ఉంటారు. శని ఉన్నా, రాహువు ఉన్నా లాభమేనట. జ్యోతిషం ప్రకారం ఇది కొంతవరకూ సరైనదే. ఎందుకంటే 3, 6, 10, 11 స్థానాలను ఉపచయాలంటారు. వయసు పెరిగే కొద్దీ వాటి ఫలితం పెరుగుతుంది. స్నేహితులు, పెద్దన్నలు, అక్కలు, ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్న కోరికలు, సంఘాల ద్వారా వచ్చే డబ్బు... ఇవన్నీ లాభస్థానంలోనే చూస్తారు. అయితే పదకొండు చెప్పేది ‘వస్తుందా’ అన్నదే. వచ్చింది చేతిలో ఉంటుందా అన్నది తెలియాలంటే ఆ ఇంటి అధిపతి ఎక్కడ కూర్చున్నాడో చూడాలి. మొబైల్ యాప్‌లో జాతకం చూసుకునే మా తరం ఎక్కువగా వదిలేసేది ఈ రెండో ప్రశ్ననే!

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇది ఎవరి జాతకమూ కాదు, అర్థం కావడానికి అల్లింది. కర్కాటక లగ్నం. ముగ్గురు స్నేహితులు కలిసి ఊరి శివార్లలో స్థలం కొందామంటున్నారు. ‘నేనూ చేరొచ్చా?’ అన్నది ప్రశ్న.

కర్కాటకం నుంచి లెక్కపెడితే పదకొండోది వృషభం. దాని అధిపతి శుక్రుడు. నాలుగో ఇల్లయిన తులకు కూడా ఆయనే అధిపతి. నాలుగంటే ఇల్లు, భూమి. అంటే ఈ లగ్నం వాళ్లకు స్నేహితులూ, స్థలాలూ ఒకే గ్రహం చేతిలో ఉన్నాయన్నమాట. ఈ రెంటికీ ముడి ఉంది కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజమే.

ఇక ఆ శుక్రుడు పన్నెండో ఇల్లయిన మిథునంలో ఉన్నాడనుకుందాం. పన్నెండు వ్యయస్థానం, దూరప్రాంతాలనూ సూచిస్తుంది. కాబట్టి నలుగురితో కలిసిన పనిలో ముందు డబ్బు మన చేతిలోంచి వెళ్తుంది. ఆ నలుగురిలో ఒకరిద్దరు విదేశాల్లో ఉండే అవకాశమూ ఉంది. ఇక్కడే ‘నష్టం’ అని తేల్చేయకూడదు. శుక్రుడున్న మిథునానికి అధిపతి బుధుడు. ఆయన రెండో ఇల్లయిన సింహంలో, అంటే ధనస్థానంలో ఉంటే వెళ్లింది తిరిగి మూటలోకి చేరే దారి ఉన్నట్టే. కాకపోతే బుధుడు వ్యయాధిపతి కూడా. కాబట్టి ఖర్చులు పోనే వస్తుంది.

గురువు వృశ్చికంలో ఉంటే ఏడో దృష్టితో వృషభాన్ని, తొమ్మిదో దృష్టితో లగ్నాన్ని చూస్తాడు. లాభానికి కారకుడే లాభస్థానాన్ని చూడటం ఈ జాతకంలో పెద్ద బలం. ఆయన ఆరో ఇంటికీ అధిపతే. ఆరు అప్పులు, తగాదాలు. అందుకే లాభం వచ్చే దారిలో కాగితాల గొడవ ఒకటి ఉండొచ్చని చదువుతారు.

మరో మెలిక ఉంది. మేషం, కర్కాటకం, తుల, మకరం చర లగ్నాలు. వీటికి పదకొండో ఇల్లే బాధక స్థానం! లాభమిచ్చేవాడే ఆటంకమూ తెస్తాడు. ఈ లగ్నాల వాళ్లు స్నేహితుల మాట మీద మొహమాటపడి సంతకాలు పెట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎప్పుడు అన్నది దశ చెబుతుంది. శుక్ర మహాదశ 20 ఏళ్లు. అందులో మొదటిది శుక్రుడి అంతర్దశే, 3 ఏళ్ల 4 నెలలు. ఈ జాతకంలో అది డబ్బు పెట్టే కాలం. తర్వాతెప్పుడో వచ్చే గురు అంతర్దశ 2 ఏళ్ల 8 నెలలు. ఫలితం చూడాల్సింది అప్పుడు. ఏడాదిలో అమ్మేసి లాభం పంచుకుందామనే ఒప్పందం ఈ జాతకానికి సరిపడదని నా అభిప్రాయం.

లెక్క తప్పేదెక్కడ? ఎక్కువగా పుట్టిన సమయం దగ్గరే. లగ్నం సుమారు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. కర్కాటకం 29వ డిగ్రీ అని యాప్ చూపిస్తే జాగ్రత్త! ఇంట్లోవాళ్లు ‘ఆరున్నర’ అని చెప్పింది నిజానికి 6.38 అయితే లగ్నం సింహానికి మారిపోతుంది. అప్పుడు పదకొండోది మిథునం, అధిపతి బుధుడు. పైన చెప్పుకున్న శుక్రుడి కథంతా వదిలేయాల్సిందే. లగ్నం రాశి మొదట్లోనో, చివర్లోనో ఉంటే సమయాన్ని అయిదు, పది నిమిషాలు అటూ ఇటూ మార్చి చూడండి. పదకొండో అధిపతి మారకపోతేనే మిగతాది చదవండి.

ఆ స్థలం లింక్ డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, ఈసీలో ఏముంది అన్నవి మాత్రం ఏ గ్రహమూ చెప్పదు. వాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులు చూసుకోవాల్సిందే.